నిల్వ తగ్గితే కోత ఎందుకు?

ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగువారి నుంచి మాకు అందే ఉత్తరాల్లో బ్యాంకు కోతల గురించిన ఫిర్యాదు తరచుగా కనిపిస్తోంది. ఖాతాలో డబ్బు తీయకపోయినా తరిగిపోతోందని, పాస్‌బుక్‌లో ‘AMB CHRG INCL GST’ వంటి పొడి అక్షరాలు తప్ప వివరణ ఏదీ లేదని వారి ఆవేదన. ఆ అక్షరాలకు అర్థం, కనీస సగటు నిల్వ ఉంచనందుకు వేసిన రుసుము, దానిపై జీఎస్టీ కలిపి అని. ఈ కోత ఎలా పడుతుందో తెలిస్తే చాలా సందర్భాల్లో పైసా ఖర్చు లేకుండానే దాన్ని ఆపవచ్చు.

సేవింగ్స్ ఖాతాలోని సొమ్ముకు బ్యాంకు ఇచ్చే వడ్డీ తక్కువ. ఆ సొమ్మును అప్పుగా ఇచ్చి తీసుకునే వడ్డీ ఎక్కువ. శాఖ, సిబ్బంది, ఏటీఎం ఖర్చులను ఈ తేడా నుంచే రాబట్టుకుంటామని, నిల్వ మరీ తక్కువైతే ఆ ఖాతా నడపడం నష్టమని బ్యాంకుల వాదన. ఈ వాదనలో కొంత నిజముంది. అయితే 2019-20 నుంచి ఐదేళ్లలో ప్రభుత్వ రంగ బ్యాంకులు ఈ పద్దు కింద దాదాపు 8,500 కోట్ల రూపాయలు వసూలు చేశాయని 2024లో పార్లమెంటుకు తెలిసినప్పుడు, ఖర్చు రాబట్టుకోవడానికీ లేనివాడి జేబు తడమడానికీ మధ్య గీత ఎక్కడుందని అడగక తప్పదు. భారతీయ స్టేట్ బ్యాంకు 2020 మార్చిలో, కెనరా, పంజాబ్ నేషనల్ వంటి బ్యాంకులు 2025లో సాధారణ సేవింగ్స్ ఖాతాలపై ఈ రుసుమును ఎత్తివేశాయి. ఇంతకాలం అది లేకపోతే నడవదన్న మాటకు ఈ నిర్ణయాలే జవాబు. ఇప్పుడు ఈ కోత ప్రధానంగా ప్రైవేటు బ్యాంకుల ఖాతాదారుల సమస్య. సరిహద్దు జిల్లాల్లో ఆ ఖాతాదారుల్లో చాలామంది పని కోసం విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లి వచ్చినవారే.

ఒక ఉదాహరణ చూద్దాం. గుణుపురం యువకుడొకరు విశాఖలో ఒక సంస్థలో చేరితే, ఆ సంస్థ అక్కడి ప్రైవేటు బ్యాంకు శాఖలో అతనికి జీతం ఖాతా తెరిపిస్తుంది. జీతం ఖాతాకు కనీస నిల్వ షరతు ఉండదు. ఉద్యోగం మాని ఊరికి వచ్చాక జీతం జమ కావడం ఆగిపోతుంది. అలా కొన్ని నెలలు, చాలా బ్యాంకుల్లో మూడు నెలలు గడిస్తే, ఖాతా సాధారణ సేవింగ్స్ ఖాతాగా మారిపోతుంది. కనీస నిల్వను నిర్ణయించేది ఖాతాదారు ఉండే ఊరు కాదు, ఖాతా ఉన్న శాఖ. పది లక్షలకు పైగా జనాభా ఉన్న విశాఖ మెట్రో కేంద్రం కాబట్టి అక్కడ కనీస సగటు నిల్వ పదివేలు ఉందనుకుందాం. లోటుపై రుసుము 6 శాతం అనుకుందాం. ఖాతాలో ఉన్నవి రెండువేలే అయితే లోటు ఎనిమిదివేలు. రుసుము 480 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 566 రూపాయల 40 పైసలు. మరుసటి నెల నిల్వ ఆ మేరకు తగ్గి లోటు పెరుగుతుంది, కనుక కోత 606 రూపాయలు దాటుతుంది. మూడో నెల కోత కూడా పడ్డాక ఆ రెండువేలలో మిగిలేవి 177 రూపాయలు. నిల్వ తరిగేకొద్దీ కోత పెరగడమే ఇందులో ఉన్న చిక్కు.

సగటు లెక్క చాలామందికి అంతుచిక్కదు. నెలలో ప్రతి రోజూ లావాదేవీలు ముగిశాక ఖాతాలో ఉన్న మొత్తాలను కూడి రోజుల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే సగటు. ముప్ఫై రోజుల నెలకు పదివేల సగటు రావాలంటే ఆ కూడిక మూడు లక్షలు కావాలి. ఖాతా దాదాపు ఖాళీగా ఉన్న రైతుకు ధాన్యం సొమ్ము 60 వేలు ఒకటో తేదీన జమ అయి, ఆరో తేదీన తీసుకున్నాడనుకోండి. ఐదు రోజులకే కూడిక మూడు లక్షలైంది, మిగతా నెలంతా ఖాతా ఖాళీగా ఉన్నా కోత పడదు. అదే సొమ్ము 28న జమ అయితే మూడు రోజులకు 1,80,000 మాత్రమే వస్తుంది, సగటు ఆరువేలు దాటదు. నెలాఖరున పదివేలు వేసి గండం గడిచిందనుకునేవారు మోసపోయేది ఇక్కడే. ఇరవయ్యో తేదీ వరకు రోజుకు నాలుగువేల చొప్పున ఉంటే కూడిక 80 వేలు. మిగిలిన పది రోజుల్లో లోటు పూడాలంటే రోజూ 22 వేలు ఉంచాలి. కొన్ని బ్యాంకులు మూడు నెలల సగటు చూస్తాయి కాబట్టి తమ ఖాతాకు వర్తించేది ఏదో ముందే అడగాలి.

అయితే ఆ యువకుడు సగటుతో కుస్తీ పట్టనక్కరలేదు. ఖాతాను గుణుపురం శాఖకు బదిలీ చేయమని దరఖాస్తు ఇవ్వవచ్చు. పదివేలకు మించి లక్షలోపు జనాభా ఉన్న ఊరు సెమీ అర్బన్ కేంద్రం కాబట్టి అక్కడ కనీస నిల్వ సాధారణంగా తక్కువ. అది ఐదువేలైతే అవే రెండువేల మీద కోత 212 రూపాయలకు దిగుతుంది. బదిలీ అయ్యాక నిల్వ షరతు కూడా మారిందో లేదో అడిగి రూఢి చేసుకోవాలి. ఇంకా మేలైన మార్గం, దాన్ని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్పించుకోవడం. రిజర్వు బ్యాంకు 2012 నుంచి అన్ని బ్యాంకులకూ తప్పనిసరి చేసిన ఈ ఖాతాకు కనీస నిల్వ లేదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలకు కనీసం నాలుగుసార్లు డబ్బు తీయడం ఉచితం. జన్‌ధన్ ఖాతాలూ ఈ కోవలోవే. ఇది తీసుకుంటే అదే బ్యాంకులో మరో సేవింగ్స్ ఖాతా ఉండకూడదు. శాఖల్లో దీని ఊసు ఎవరూ తమంతట తాము ఎత్తరు, మనమే పేరు పెట్టి అడగాలి.

బ్యాంకుకూ హద్దులున్నాయి. 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, నిల్వ తగ్గిందని ఎస్సెమ్మెస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా ముందు తెలియజేసి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. రుసుము లోటుకు తగిన నిష్పత్తిలో ఉండాలి. కేవలం ఈ రుసుము వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. వాడకం లేక నిష్క్రియ ఖాతాగా నమోదైనదానిపై ఈ రుసుము వేయకూడదు. పాత ఫోన్ నంబరు ఖాతాలో అలాగే ఉండిపోతే ఆ హెచ్చరిక అందదు, కాబట్టి ఊరు మారినవారు ముందు నంబరు మార్పించుకోవాలి. వచ్చే సందేశం ఇంగ్లిష్‌లో ఉంటుంది, శాఖ బోర్డు ఒడియాలో ఉంటుంది. తెలుగు మాత్రమే చదవగలిగిన పెద్దలకు రెండూ అక్కరకు రావు. ఈ జిల్లాల్లోని బ్యాంకు శాఖలు రుసుముల పట్టికను తెలుగులోనూ గోడకు అంటించాలని కోరుతున్నాం.

హెచ్చరిక లేకుండా కోత పడితే శాఖకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోవాలి. ముప్ఫై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమంజసంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in ద్వారా ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోన్ చేయవచ్చు. కోత పడిన పాస్‌బుక్ పుట నకలు, శాఖ ఇచ్చిన రసీదు జతచేస్తే, గడువుతో కూడిన హెచ్చరిక ఏ తేదీన పంపిందో బ్యాంకే చూపించాల్సి వస్తుంది.