“ఆఖరి 3 రోజులు”: రెండో ఏడాదిలోకి

వ్యాపారంలో లాభం చూసుకోవడం నీచమని మా బాబాయి ఎప్పుడో గ్రహించాడు. ఆయనకో చీరల కొట్టుంది. గుమ్మానికి “ఆషాఢం ఆఫర్, ఆఖరి 3 రోజులు” అన్న బ్యానరు. కట్టింది ఆషాఢంలోనే, కాకపోతే కిందటేడు.

ఆషాఢంలో తగ్గించి అమ్మడం తప్పేం కాదు. ఆ నెల పెళ్లిళ్లుండవు, బేరాలు పలచన. శ్రావణ శుక్రవారాలకి కొత్త సరుకు దిగాలంటే అరలు ఖాళీ కావాలి, చేతిలో డబ్బాడాలి. బాబాయి దీన్ని ఇంకాస్త విశాలంగా అర్థం చేసుకుని కొట్టు మొత్తం 20 శాతం తగ్గించేశాడు, ముందురోజు దిగిన మూటతో సహా.

700కి తెచ్చిన చీర 1000కి అమ్మితే 300 మిగిలేది. 800కి అమ్మితే మిగిలేది 100. మామూలుగా నెలకి 40 చీరలమ్మి 12,000 కళ్లజూసేవాడు, ఇప్పుడు అంతే రావాలంటే 120 అమ్మాలి. ఆయన 70 అమ్మాడు, 7,000 మిగిలింది. “జనాన్ని చూశావట్రా!” అని నా వీపు చరిచాడు. చూశాను. వాళ్లకి పోయించిన కూల్‌డ్రింకుల బిల్లూ చూశాను.

శ్రావణంలో అదే చీర 1000 అంటే “మొన్న 800 కదండీ?” అన్నారు. ఇక బ్యానరు దించడానికి ఆయనకి చేతులు రాలేదు. ఈ ఏడు జ్యేష్ఠంలో ఒకావిడ గంటసేపు చీరలు విప్పించి, ఒకటి ఫోటో తీసుకుని లేచింది. “ఈ 20 శాతం రోజూ ఉండేదే కదా బాబూ. ఆషాఢానికి ఇంకెంత తగ్గిస్తారో చెప్పు, అప్పుడొస్తా.” ఆ నెలంతా ఫోటోలే, బిల్లుల్లేవు.

అప్పుడు పిన్ని గల్లాపెట్టె దగ్గర కూర్చుంది. ప్రతి చీర చీటీ మీదా కొన్న తేదీ పెన్సిలుతో రాయించింది. ఆరు నెలలైనా కదలనివి విడిగా ఒక అరలో పెట్టించి, వాటికే ధర కోసింది. అందులో ఆవపిండి రంగు చీర ఒకటి, ఊళ్లో సగంమంది విప్పి చూసి మడతపెట్టించింది, 600కి పోయింది. “వంద నష్టం!” అని బాబాయి గుండె పట్టుకున్నాడు.

“ఆ 700 ఎప్పుడో పోయాయండీ. ఈ 600తో ఇంకోటి దింపితే శ్రావణంలో పోతుంది” అంది పిన్ని.

కొత్త సరుకులో పైసా తగ్గించదు. గట్టిగా బేరమాడితే ఫాల్, పీకో ఫ్రీ. దానికీ ఖర్చుంది, కానీ చీటీ మీది అంకె చెడదు. ఆ అర మళ్లీ ఎప్పుడు నిండుతుందో ఎవరికీ చెప్పదు. మొదటి నెల గిరాకీ బాగా పడిపోయిందనుకోండి. బాబాయి అన్నం మానేశాడు, పిన్ని మానలేదు.

బ్యానరు ఇప్పుడు వాన పడకుండా బాబాయి పాత స్కూటరు మీద కప్పి ఉంది. మొన్న దారినపోయే ఒకాయన ఆగి, చదివి, లోపలికొచ్చి అడిగాడు: “బండి ఎంతకిస్తారు?”