రెండేళ్ల కాలేజీలో మిగిలిన డబ్బు ఎక్కడ కరిగిపోతోంది?

ఒడిశా ప్లస్ టూ ఫలితాల వేళకు రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఒక లెక్క వినిపిస్తుంది. అమెరికాలో మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చదివి, మిగతా రెండేళ్లకు విశ్వవిద్యాలయానికి మారితే ఖర్చు సగానికి పడిపోతుందన్నది ఆ లెక్క. ఈ దారి బూటకం కాదు. చేతికొచ్చే పట్టా మీద విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. కానీ ఖర్చు సగమవుతుందన్న మాట నిజం కాదు. ఆ మాట నమ్మి పొలమో ఇంటి స్థలమో తాకట్టు పెట్టేవాళ్లు ముందు లెక్కను విడదీసి చూడాలి.

కాలిఫోర్నియానే తీసుకుందాం, ఈ పద్ధతి బాగా పాతుకుపోయిన రాష్ట్రం అదే. అక్కడి కమ్యూనిటీ కాలేజీలో విదేశీ విద్యార్థికి ఏడాది ఫీజు సుమారు 10 వేల డాలర్లు. బస, భోజనం, బీమా, పుస్తకాలకు మరో 20 వేలు అనుకుందాం. మొత్తం 30 వేలు, అంటే 25 లక్షల రూపాయలకు పైమాటే. రెండేళ్ల తర్వాత చేరే చోట కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాఖ, అంటే డేవిస్, అర్వైన్ లాంటిది అయితే ఫీజే దాదాపు 50 వేలు. శాన్ హోసే స్టేట్ లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయమైతే సుమారు 20 వేలు. బస ఖర్చు మాత్రం ఎక్కడైనా అంతే. చౌక కాలేజీలో చేరినంత మాత్రాన ఇంటి అద్దె తగ్గదు.

ఇప్పుడు కూడి చూడండి. నాలుగేళ్లూ డేవిస్‌లోనే చదివితే 2 లక్షల 80 వేల డాలర్లు, కమ్యూనిటీ కాలేజీ మీదుగా వెళ్తే 2 లక్షలు. మిగిలేది 80 వేలు, అది చిన్న మొత్తం కాదు. అదే నాలుగేళ్లూ శాన్ హోసేలో చదివితే లక్షా 60 వేలు, కాలేజీ మీదుగా వెళ్తే లక్షా 40 వేలు. మిగిలేది 20 వేలే. శాన్ హోసేలో ఒక్క సెమిస్టర్ అదనంగా చదవాల్సి వస్తే అయ్యే ఖర్చు కూడా సరిగ్గా 20 వేలు. ఒక సెమిస్టర్ జారితే రెండేళ్ల పొదుపు మొత్తం పోయినట్టే. అందుకే కాలేజీ ఫీజు ఎంత అన్నది రెండో ప్రశ్న. సెమిస్టర్ జారకుండా నాలుగేళ్లలో బయటపడగలమా అన్నది మొదటి ప్రశ్న.

సెమిస్టర్ ఎలా జారుతుందో చూడటానికి రాయగడ నుంచి కంప్యూటర్ సైన్స్ కోసం వెళ్లే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. విశ్వవిద్యాలయానికి మూడో ఏడాదిలో మారాలంటే అక్కడ చెల్లే 60 క్రెడిట్లు, అంటే కోర్సుల బరువును కొలిచే యూనిట్లు, కావాలి. వీసా నిబంధన ప్రకారం సెమిస్టర్‌కు 12 క్రెడిట్లు చదివితే చాలు. కొత్త దేశం, కొత్త భాష, కాస్త తేలిగ్గా మొదలుపెడదామని ఆమె నాలుగు సెమిస్టర్లూ 12 చొప్పునే తీసుకుంటే చేతిలో ఉండేవి 48. వీసా దృష్టిలో ఆమె తప్పేమీ చేయలేదు, కానీ మారడానికి 12 క్రెడిట్లు తక్కువ. సెమిస్టర్‌కు 15 చొప్పున చదివితేనే రెండేళ్లు రెండేళ్లలో పూర్తవుతాయి. లేదంటే వేసవి తరగతులకు విడిగా డబ్బు కట్టాలి.

క్రెడిట్ల సంఖ్య సరిపోయినా పని అయిపోదు. కంప్యూటర్ సైన్స్‌కు కలన గణితం వరసగా మూడు కోర్సులు, లీనియర్ ఆల్జీబ్రా, డిస్క్రీట్ గణితం, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, చాలాచోట్ల భౌతికశాస్త్రం కూడా అడుగుతారు. ఇవి ఒకదాని మీద ఒకటి నిలిచే కోర్సులు. మొదటి కలన గణితం పూర్తికానిదే రెండోది ఇవ్వరు. ప్లస్ టూలో గణితం బాగా చదివిన అమ్మాయిని కూడా ప్రవేశ సమయంలో ఒక మెట్టు కింది కోర్సులో కూర్చోబెడితే వరస మొత్తం ఒక సెమిస్టర్ వెనక్కి జరుగుతుంది. అందుకే తన మార్కుల పత్రం, సిలబస్ చూపించి సరైన మెట్టు నుంచే మొదలుపెడతానని ఆమె కాలేజీ సలహాదారును మొదటి వారంలోనే అడగాలి. కాలిఫోర్నియాలో ఏ కాలేజీ కోర్సు ఏ విశ్వవిద్యాలయంలో ఏ కోర్సుకు సమానమో assist.org లో ఉచితంగా చూడవచ్చు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు ఆ పేజీ తెరిచి, చివరికి చేరాలనుకున్న విశ్వవిద్యాలయం నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ కాలేజీని ఎంచుకోవాలి. మన వాళ్లలో చాలామంది ముందు కాలేజీలో చేరి, ఆ తర్వాత విశ్వవిద్యాలయం వెతుక్కుంటున్నారు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే మొదలవుతోంది. అమెరికా ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2017 నివేదిక ప్రకారం, కాలేజీలు మారిన విద్యార్థులు సగటున తమ క్రెడిట్లలో 43 శాతం పోగొట్టుకున్నారు. అది అన్ని రకాల మార్పిళ్లకూ కలిపి వేసిన అంచనా. కాలేజీకి, విశ్వవిద్యాలయానికి మధ్య కోర్సుల ఒప్పందాన్ని ముందే చూసుకుని వెళ్లేవారికి అంత నష్టం ఉండనక్కరలేదు.

మన ప్రాంతానికి మరో చిక్కు ఉంది, అది తేదీలది. ఫలితాలు వచ్చి, మార్కుల పత్రాలు చేతికంది, హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా తేదీ దొరికేసరికి ఆగస్టు తరగతులు మొదలైపోతాయి (ఒడిశా కూడా హైదరాబాద్ కాన్సులేట్ పరిధిలోకే వస్తుంది). అప్పుడు జనవరిలో చేరమంటారు. వినడానికి నాలుగైదు నెలల ఆలస్యమే. కానీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మారేవాళ్లను ప్రధానంగా ఆగస్టు, సెప్టెంబరులో మొదలయ్యే చదువులకే తీసుకుంటుంది. జనవరిలో చేరిన అమ్మాయి రెండేళ్ల చదువు డిసెంబరులో ముగించి మళ్లీ తొమ్మిది నెలలు ఎదురుచూడాలి, లేదా అవసరం లేని సెమిస్టర్‌కు డబ్బు కట్టాలి. జనవరి చేరికకు ఒప్పుకునే బదులు ఒక ఏడాది ఆగి ఆగస్టులో వెళ్లడమే మేలని నేను గట్టిగా చెబుతాను.

ఆగస్టులో చేరినా తీరిక ఉండదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆరు శాఖలు ఇచ్చే ప్రవేశ హామీకి, అక్కడివాళ్లు ట్యాగ్ అనేదానికి, మరుసటి సెప్టెంబరులోనే దరఖాస్తు చేయాలి. అప్పటికి 30 క్రెడిట్లు పూర్తయి ఉండాలి. అంటే మొదటి ఏడాది మార్కులే ఆమె చేరబోయే చోటును నిర్ణయిస్తాయి. బర్క్లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఈ హామీ ఇవ్వవు. ఇచ్చే శాఖల్లోనూ కంప్యూటర్ సైన్స్‌ను మినహాయించినవి ఉన్నాయి కాబట్టి ఆ ఏడాది జాబితాను తప్పక చూడాలి.

మొదటి ఏడాదిలోనే చేరే విదేశీ విద్యార్థులకు మార్కులను బట్టి ఫీజు రాయితీ ఇచ్చే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఇతర రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి. మధ్యలో మారి వచ్చేవాళ్లకు ఆ రాయితీలు తక్కువ. మంచి మార్కులున్న పిల్లలకు నేరుగా చేరడమే చౌక కావచ్చు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడకుండా కమ్యూనిటీ కాలేజీ దారి చౌక అని ఎవరూ తేల్చకూడదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మూడో ఏడాది. వీసాకు ముందు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రంలో ఆ కాలేజీ ఖర్చే ఉంటుంది, చేతిలో చూపించాల్సింది మొదటి ఏడాది డబ్బే. కుటుంబం ఆ 30 వేల డాలర్లకే సిద్ధమవుతుంది. అసలు భారం మూడో ఏట మీద పడుతుంది, డేవిస్ లాంటి చోట ఏడాదికి 70 వేలు. అప్పుడు మళ్లీ బ్యాంకుకు వెళ్లాలి. రాయగడ, కోరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి మారకుండా 1956 నాటి నిబంధన అడ్డుకుంటుంది. ఆ రక్షణ అవసరమైనదే. కానీ దాని వల్ల అక్కడి భూమిని పెద్ద రుణానికి హామీగా చూపడం అంత సులువు కాదు. డబ్బు చాలక రెండేళ్లతో ఆగిపోతే చేతిలో మిగిలేది అసోసియేట్ డిగ్రీ. మూడేళ్లకు తక్కువ కాని మన డిగ్రీకి అది సమానం కాదు.

కాబట్టి రుణం కోసం మొదటిసారి బ్యాంకుకు వెళ్లినప్పుడే నాలుగేళ్ల ఖర్చు చూపించి, మూడు, నాలుగో ఏడాదుల సొమ్ముకూ అప్పుడే మంజూరు అడగాలి. ఎందుకంటే మారేటప్పుడు విశ్వవిద్యాలయం కొత్త ఐ-20 ఇచ్చే ముందు తన ఖర్చుకు సరిపడా డబ్బుకు మళ్లీ రుజువు అడుగుతుంది. సీటు వచ్చినా ఆ కాగితం లేకపోతే ఐ-20 రాదు.