తడబడని ప్రశ్నే ప్రమాదం

మీడియా సర్వేల్లో ఇలాంటి ప్రశ్న తరచూ ఎదురవుతుంది: 'పక్షపాతం పెరిగిన ఈ రోజుల్లో పత్రికలు, టీవీ ఛానళ్లు ఇచ్చే వార్తలు మీకు నమ్మకంగా, ఉపయోగకరంగా ఉంటున్నాయా?' ఇందులో రెండు తప్పులున్నాయి. రెండింటినీ ఒకే పద్ధతిలో పట్టుకోలేం.

మొదటిది జంట ప్రశ్న. రెండు మాధ్యమాలు, రెండు గుణాలు కలిసి అసలు నాలుగు ప్రశ్నలయ్యాయి. పత్రికను నమ్మి టీవీని నమ్మనివారు ఏం చెప్పాలి? 'లేదు' అంటే ఆ జవాబు నాలుగింట్లో దేనికో తర్వాత ఎవరూ తేల్చలేరు. శాంపిల్‌ను రెట్టింపు చేసినా అంతే.

ఈ తప్పు అసలు సర్వేకు ముందు చేసే చిన్న పరీక్ష అయిన పైలట్‌లో దొరుకుతుంది. అసలు శాంపిల్‌లో లేని 20 మందిని తీసుకోవాలి. ఇంటికి పత్రిక వేయించుకునేవారు, టీ కొట్టులో తిరగేసేవారు, ఫోన్‌లోనే వార్తలు చూసేవారు, అందరూ అందులో ఉండాలి. ప్రశ్నను రాసింది రాసినట్టే చదివి, జవాబు వచ్చాక 'ఇది మీకు ఏమని అర్థమైంది?' అని అడగాలి. మళ్లీ చదవమన్నారా, 'పత్రికా, టీవీనా?' అని ఎదురడిగారా, ఇచ్చిన ఆప్షన్లలో లేనిది చెప్పారా అన్నది ప్రతి ప్రశ్నకూ టిక్కు పెట్టుకోవాలి. నూటికి పదిహేను, అంటే 20 మందిలో ముగ్గురు తడబడ్డా ఆ ప్రశ్నను తిరగరాయాలన్నది వాడుకలో ఉన్న లెక్క. నాలుగుగా విడగొట్టాక కొత్తవారితో మళ్లీ పరీక్షించాలి. అప్పుడు ఇంకో చిక్కు బయటపడవచ్చు: టీవీ ఛానల్ క్లిప్‌ను యూట్యూబ్‌లో చూసేవారు దాన్ని ఎందులో లెక్కేయాలి?

రెండో తప్పయిన 'పక్షపాతం పెరిగిన ఈ రోజుల్లో' అన్న ముక్క మాత్రం ఈ పరీక్షలో హాయిగా గట్టెక్కుతుంది. జవాబును ముందే చేతికందించే ప్రశ్న దగ్గర ఎవరూ తడబడరు, అర్థమూ అడగరు. సర్వే చేసేవారు మాటవరసకు చేర్చే 'నమ్ముతారు కదా?' కూడా ఇంతే. కాగితం మీద ఉండదు గనుక రికార్డింగ్ వింటేనే తెలుస్తుంది.

దీనికి శాంపిల్‌ను యాదృచ్ఛికంగా రెండుగా చీల్చి, ఒక సగానికి ఆ ముక్కతో, రెండో సగానికి అది లేకుండా అడగాలి. 1941లో అమెరికాలో సర్వే పరిశోధకుడు డొనాల్డ్ రగ్ ప్రచురించిన పోలిక ఇలాంటిదే. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా చేసే ప్రసంగాలను 'అనుమతించాలా' అంటే 62 శాతం వద్దన్నారు. 'నిషేధించాలా' అంటే అవునన్నవారు 46 శాతమే. రెండు ప్రశ్నలూ తేటగా, చిన్నగా ఉన్నవే.

అయితే 20 మందిని పదేసిగా చీల్చితే ఏమీ తేలదు. సగానికి 100 మంది ఉన్నా దాదాపు 14 శాతం పాయింట్ల తేడా కాకతాళీయంగానే రావచ్చు. 400 మంది ఉంటే అది 7కు దిగుతుంది. చిన్న సంస్థకు ఇంత ఖర్చు భారమే. అలాంటప్పుడు ప్రతి ప్రశ్నలోని విశేషణాన్నీ, ఉపోద్ఘాతాన్నీ కొట్టేసి, 'పత్రికల్లో వచ్చే వార్తలను మీరు ఎంతవరకు నమ్ముతారు?' అని మాత్రమే ఉంచి, 'పూర్తిగా' నుంచి 'అసలు నమ్మను' వరకు నాలుగు మెట్లు, విడిగా 'చెప్పలేను' ఇవ్వడం మేలు.