మిర్చి గ్రేడింగ్ కెమెరాకు 97 శాతం వచ్చిందట, మరి దాడి చేస్తే ఎంత?

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి రేటు తేలేది బస్తా మూతి విప్పి నాలుగు కాయలు చేతిలోకి తీసుకుని రంగు చూసే ఆ కాసేపట్లోనే. నిగనిగలాడితే ఒక రేటు, తెల్లబడి ఉంటే తాలు రేటు, రెండింటికీ మధ్య తేడా రైతు కడుపు మీద కొట్టేంత. కాబట్టి ఆ చూపు మనిషిది కాకుండా ఫోన్ కెమెరాది అయితే బాగుండు అని ఎవరికైనా అనిపిస్తుంది. రైతే ఇంటి దగ్గర ఫొటో తీసి యాప్‌లో పెడితే గ్రేడు వచ్చేస్తుంది అనుకుందాం. అమ్మేవాళ్లు డెమోలో చూపించే అంకె ఒక్కటే ఉంటుంది: యాక్యురసీ 97 శాతం. నా పేచీ ఆ అంకెతోనే. అది ఎవరూ చెయ్యి పెట్టని ఫొటోల మీద తీసిన అంకె. డబ్బు చేతులు మారే చోట ఫొటో మీద ఎవరూ చెయ్యి పెట్టరని ఎలా అనుకుంటాం?

చెయ్యి పెట్టడం అంటే ఫొటోషాప్‌లో తాలు కాయకు ఎర్ర రంగు పూయడం కాదు. అలాంటిది మనిషి కంటికే దొరికిపోతుంది. అసలు ఇబ్బంది కంటికి ఏ మాత్రం కనిపించని మార్పుతో.

లెక్క వేసి చూద్దాం. ఫొటో చూసి రకం చెప్పే మోడల్‌కు, అంటే ఇమేజ్ క్లాసిఫైయర్‌కు, ఇచ్చే ఫొటో సాధారణంగా 224 అడ్డం, 224 నిలువు పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగుల అంకెలు, మొత్తం 1,50,528 అంకెలు. ఒక్కోటి 0 నుంచి 255 లోపు. మన మోడల్ బాగా సాదాసీదాది అనుకోండి: ఈ అంకెలను 255తో భాగించి, ఒక్కోదాన్ని ఒక్కో వెయిట్‌తో గుణించి కూడుతుంది, మొత్తం సున్నా దాటితే మేలు రకం, లోపల ఉంటే తాలు. వెయిట్లు అన్నీ 0.01 సైజువే, కొన్ని ప్లస్, కొన్ని మైనస్. ఒక తాలు కాయ ఫొటోకు స్కోరు -3 వచ్చింది, అంటే తాలు అని మోడల్‌కు 95 శాతం నమ్మకం.

ఇప్పుడు ప్రతి అంకెనూ 255లో కేవలం ఒక్కటి కదిలిద్దాం, పైకో కిందికో బొమ్మా బొరుసూ వేసి. సగం మార్పులు మిగతా సగాన్ని చంపేస్తాయి, స్కోరు అటూ ఇటూ సుమారు 0.015 కదులుతుంది, అంతే. అదే ఒక్కటిని ఈసారి వెయిట్ ప్లస్ ఉన్న చోట పెంచి, మైనస్ ఉన్న చోట తగ్గిద్దాం. ఒక్కో మార్పు తెచ్చేది 0.00004 కూడా ఉండదు, కానీ లక్షన్నర మార్పులూ ఒకే వైపు లాగుతాయి కాబట్టి అన్నీ కలిపి 5.9 అవుతుంది. స్కోరు -3 నుంచి +2.9కి ఎగబాకింది. తాలు కాస్తా 95 శాతం నమ్మకంతో మేలు రకం అయిపోయింది, ఫొటోలో మాత్రం తేడా ఎవరికీ కనపడదు. మన దగ్గర తరుగు సంగతి తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు: కాంటా ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా చూపిస్తే లోడు మొత్తం మీద సర్దుకుపోతుంది, ప్రతి బస్తాకూ ఒకే వైపు కొంచెం కొంచెం పోతేనే కొంప మునుగుతుంది.

నిజం న్యూరల్ నెట్‌వర్క్ ఇంత సాదాగా ఉండదు, కానీ ఏదైనా ఒక ఫొటో చుట్టుపక్కల అది దాదాపు ఇలాగే నడుస్తుంది. పరిశోధకుడు క్రిస్టియన్ సెగెడీ బృందం 2013లో ఈ గుణాన్ని బయటపెట్టింది, కారణం ఇదేనని 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో వాళ్లు చెప్పారు. పాండా అని 57.7 శాతం నమ్మకంతో చెప్పిన నెట్‌వర్క్, కంటికి ఆనని మార్పు తర్వాత అదే బొమ్మను 99.3 శాతం నమ్మకంతో గిబ్బన్ కోతి అంది. ఏ పిక్సెల్‌ను ఎటు జరపాలో చెప్పేది గ్రేడియెంట్. ట్రైనింగ్‌లో వెయిట్లను దిద్దడానికి వేసే లెక్కే ఇది, ఇక్కడ వెయిట్లను వదిలేసి పిక్సెళ్ల మీద వేస్తారు. మోడల్ కంపెనీ సర్వర్‌లో భద్రంగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. అదే పనికి సొంతంగా ఇంకో మోడల్ తయారు చేసుకుని, దాన్ని బోల్తా కొట్టించే ఫొటో తీసుకుంటే, అది చాలాసార్లు అసలు మోడల్‌నూ బోల్తా కొట్టిస్తుంది.

దీనికి మందుగా అందరూ చెప్పేది అడ్వర్సేరియల్ ట్రైనింగ్. ట్రైనింగ్ జరుగుతుండగానే మోడల్ మీద మనమే దాడి చేసి, ఆ పాడైన ఫొటోకు సరైన లేబుల్ పెట్టి నేర్పించడం. వినడానికి సులువే, మోసపోయేది కూడా ఇక్కడే. పిక్సెళ్లన్నిటినీ ఒకేసారి జరిపేసే ఒక్క అడుగు దాడితో నేర్పించారనుకోండి, ఖర్చు తక్కువ. 2017లో అలెగ్జాండర్ మాద్రీ బృందం సీఫార్-10 అనే చిన్న బొమ్మల డేటా మీద ఇది చేసి చూపించింది. మామూలు బొమ్మల మీద 90.3 శాతం, ఒక్క అడుగు దాడి మీద 95.1 శాతం. దాడి చేస్తే మార్కులు పెరగడం ఏమిటండీ? అక్కడే అనుమానం రావాలి. మోడల్ గట్టిపడలేదు, ఆ ఒక్క అడుగు దాడి గుర్తులను పట్టేసి జవాబు చెబుతోంది. అదే మోడల్‌పై చిన్న చిన్న అడుగులతో దాడి చేస్తే వచ్చింది సున్నా.

వాళ్లు పెట్టిన పద్ధతి వేరు. 255లో 8 దాటి ఏ అంకే కదలకూడదు అని ఒక హద్దు గీసుకుంటారు. ప్రతి ఫొటోకూ ఆ హద్దు లోపల ఎక్కడో ఒక చోట మొదలుపెట్టి, తప్పు పెరిగే వైపు రెండేసి చొప్పున ఏడు అడుగులు వేస్తారు, హద్దు దాటితే వెనక్కి లాగుతారు. అలా దొరికిన అధ్వాన్నపు ఫొటో మీదే వెయిట్లు దిద్దుతారు. ట్రైనింగ్ పని దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. ఏ దాడీ లేకుండా నేర్పిన మోడల్‌తో పోలిస్తే చివరికి చేతికొచ్చింది: మామూలు బొమ్మల మీద 95.2 నుంచి 87.3కి పడిపోయిన యాక్యురసీ, గట్టి దాడి మీద 3.5 నుంచి 45.8కి పెరిగిన యాక్యురసీ. అంటే నిజాయితీ పరుల దగ్గర ఎనిమిది మార్కులు పోగొట్టుకుని కూడా, దొంగ ఫొటోల్లో సగానికి పైగా ఇంకా లోపలికి వస్తూనే ఉన్నాయి. తర్వాత వచ్చిన పద్ధతులు ఈ అంకెలను పెంచాయి, అయినా ఈ బేరం మాత్రం పోలేదు. ఆ హద్దు కూడా మనం గీసుకున్నదే. ప్రతి అంకె మీదా 8 అనే దాడికి నేర్చుకున్న మోడల్, ఫొటోను కొంచెం తిప్పినా, ఒక మూల చిన్న స్టిక్కర్ పెట్టినా నిలబడుతుందని గ్యారంటీ ఏమీ లేదు.

ఇదంతా చూసి అసలు వద్దంటారా అని అడిగితే, ఫొటో ఎవరి చేతుల మీదుగా వస్తుందో చూడండి అంటాను. మార్కెట్ యార్డులోనే బెల్ట్ మీద బిగించిన కెమెరా, నేరుగా పక్కనున్న కంప్యూటర్‌కు వెళ్లే వైరు ఉంటే పిక్సెళ్లు దిద్దే సందే దొరకదు, అక్కడ ఎనిమిది రెట్ల ఖర్చు పెట్టి ఎనిమిది మార్కులు పోగొట్టుకోవడం దండగ, ఆ డబ్బుతో నీడా మంచి లైట్లూ పెట్టించడం మేలు. ఫోన్ నుంచి అప్‌లోడ్ చేసే యాప్ అయితే మాత్రం 97ను పక్కనపెట్టి మూడు సంగతులు రాతపూర్వకంగా అడగాలి: ఎంత హద్దులో దాడి చేశారు, ఎన్ని అడుగులు వేశారు, హద్దు పెంచుకుంటూ పోతే యాక్యురసీ సున్నాకు దిగిందా లేదా. మూడోది చాలామంది అడగరు. హద్దు ఎంత పెంచినా మార్కులు తగ్గడం లేదంటే వాళ్ల మోడల్ గట్టిదని కాదు, వాళ్లు చేసిన దాడే పనిచేయడం లేదని. 2018లో అనీష్ అథల్యే, నికొలస్ కార్లిని, డేవిడ్ వాగ్నర్ ఇలాంటి గుర్తులనే పట్టుకుని వెళ్లారు. ఆ ఏడాది ఐసీఎల్ఆర్ అనే మెషీన్ లెర్నింగ్ సదస్సుకు ఎంపికైన తొమ్మిది రక్షణ పద్ధతుల్లో ఏడు గ్రేడియెంట్‌ను కనపడకుండా చేసి గట్టిగా ఉన్నట్టు కనిపిస్తున్నాయని తేల్చి, ఆరింటిని పూర్తిగా, ఒకదాన్ని కొంతవరకు పడగొట్టారు. మాద్రీ వాళ్ల పద్ధతి నిలబడింది, తను ముందే చెప్పుకున్న ఆ సగం మార్కులతోనే.