ప్రక్రియలో ఉన్నది

"రైల్వే క్రాసింగు: అనుమతి ప్రక్రియలో ఉన్నది. ఫాలో అప్ చేయవలెను." రాయగడ జిల్లాలో ఒక తాగునీటి పథకానికి చార్జి అప్పగిస్తూ, వెళ్ళిపోతున్న ప్రాజెక్టు మేనేజరుగారు నాకు ఇచ్చిన అప్పగింత పత్రంలో నాలుగవ అంశం పూర్తి పాఠం ఇంతే. మిగతా విషయాలలో ఆ పత్రానికి ఏ లోటూ లేదు. కుర్చీలెన్నో, ప్రింటరులో ఇంకు ఎంత మిగిలిందో, సైటు గెస్టుహౌసు గీజరు ఏ స్విచ్చుకు పలుకుతుందో అన్నీ ఉన్నాయి.

నాలుగవ అంశం నేల మీద ఎలా ఉంటుందో చూడదలచినవారు విజయనగరం నుంచి రాయగడ వచ్చే రైలు మార్గం పక్కకు రావచ్చు. పట్టాలకు ఇటువైపు ఒక నల్లని ఇనుప గొట్టం మూతికి సిమెంటు సంచి కట్టించుకుని కాలువలో పడి ఉంటుంది. అటువైపు, ఊరి ట్యాంకు దిక్కున, అదే కొలత గల మరో గొట్టం అదే సంచి కట్టించుకుని దీనికేసి చూస్తూ ఉంటుంది. ఈ రెండింటి మధ్య గూడ్సు బళ్ళు సగౌరవంగా వెళ్తుంటాయి. సంచి చిరిగితే మన మనుషులు వెళ్ళి కొత్త సంచి కట్టి వస్తారు. నిర్వహణ అనే పద్దు కింద ఆ సంచి ఖర్చు కూడా పత్రంలో ఉంది. మొత్తం 8 కిలోమీటర్లలో మిగిలింది 40 మీటర్లే కనుక ప్రగతి 99.5 శాతమని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో అచ్చువేశారు. లెక్కలో తప్పు లేదు. నీళ్ళు మాత్రం నూటికి సున్నా.

పట్టాల కింద గొట్టం వేయడమంటే మామూలు కాలువ తవ్వి దించడం కాదని నాకు ముందున్నవారికి తెలుసు. ముందు మందమైన ఉక్కు గొట్టాన్ని పక్కనుంచి, రైళ్ళు ఆగకుండా, పట్టాల అడుగున నెట్టాలి. నీళ్ళ గొట్టం దాని లోపలినుంచి పోవాలి. రెండు కొసలా వాల్వులుండాలి. దానికి డ్రాయింగు, ఉమ్మడి తనిఖీ, రైల్వేకు కట్టవలసిన రుసుము, అన్నీ వరుసగా జరగాలి. బీరువా వెతికితే రైల్వేవారి ఉత్తరం దొరికింది. ఆ ఉక్కు గొట్టం పట్టాలకు ఎంత లోతున ఉంటుందో, వాల్వులు ఎక్కడ పెడతారో చూపుతూ సవరించిన డ్రాయింగు పంపమని అందులో మర్యాదగా అడిగారు. దానికి మనవాళ్ళెవ్వరూ జవాబివ్వలేదు. అంటే ఫైలు ఏ ప్రక్రియలోనూ లేదు, మన బీరువాలోనే ఉంది. ఉత్తరం ఏ తేదీది, అభ్యంతరం ఏమిటి, డ్రాయింగు ఎవరు మార్చాలి, ఎప్పటిలోగా, అక్కడ ఆ ఫైలు చూసే ఇంజనీరు ఎవరు అనే విషయాలు నాలుగు వాక్యాలలో అయిపోయేవి. గీజరు స్విచ్చుకు ఆరు వాక్యాలు పట్టాయి.

ఇక రిస్కుల పట్టిక. "రైల్వే అనుమతి ఆలస్యం కావచ్చును. సంభావ్యత: మధ్యస్థం. బాధ్యులు: సంబంధితులు." ఇంకా జరగనిదే రిస్కు, జరిగిపోయినది సమస్య, దానికి ఒక మనిషి పేరూ ఒక తేదీ ఉండాలి. కొంప కాలిపోయాక నిప్పు అంటుకునే అవకాశం ఉందని వ్రాసినట్లుంది ఈ వరస. నిజంగా జరగబోయేది పట్టికలో ఎక్కడా లేదు. పనికి హామీగా మన సంస్థ శాఖవారికి ఇచ్చిన బ్యాంకు గ్యారంటీ గడువు తీరబోతోంది. ఒప్పందపు గడువు ముగియకముందే పొడిగింపు కోరాలి, దానితోబాటు గ్యారంటీనీ పొడిగించాలి. లేకపోతే ఇలాంటి ఒప్పందాలలో శాఖవారు గడువులోపే ఆ సొమ్ము తమకు ఇమ్మని బ్యాంకుకు వ్రాస్తారు. ఆ తేదీ నాకు బ్యాంకువారి జ్ఞాపిక ఉత్తరంలో కనబడింది, అదీ తెరవని కవరులో.

ఇంతవరకు నవ్వుకున్నాం, సరే. మనిషికి రోజుకు 55 లీటర్లని జల్ జీవన్ మిషన్ చెప్పే ఊళ్ళలో ఇదొకటి. అక్కడి ఆడవాళ్ళు బిందెలతో పట్టాలు దాటి బోరింగు దగ్గరకు వస్తున్నారు. ఆ రెండు సంచుల పక్కనుంచే వస్తున్నారు. "బాబూ, గొట్టం ఈడకొచ్చి ఆగిపోనాది, మరి నీళ్ళెప్పుడొస్తాయి?" అని ఒక ముసలమ్మ అడిగింది. ఇదే మాట పాత మేనేజరుగారినీ అడిగానని చెప్పింది. ఆయనకు తెలుసు. ఉత్తరం తెలుసు, పట్టాలు తెలుసు, ఈ ముసలమ్మ తెలుసు. అన్నీ తెలిసి "ప్రక్రియలో ఉన్నది" అని వ్రాయడాన్ని అప్పగింత అనరు, తప్పించుకోవడం అంటారు, అది కూడా సంస్థ లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి మరీ.

వారి ఆఖరి రోజుకు ఇంకా వ్యవధి ఉంది. వీడ్కోలు సభకు ఒక మధ్యాహ్నమంతా కేటాయించారు కనుక, అందులో సగం పూట నాతో రైల్వే కార్యాలయానికి వచ్చి ఆ ఇంజనీరుగారిని ఎదురుగా పరిచయం చేయవలసిందిగా లిఖితపూర్వకంగా కోరాను. అది జరిగే వరకు "చార్జి తీసుకొంటిని" అనే గడిలో నా సంతకం ఉండదు.