రంగం మారేవాళ్ల రెజ్యూమెలో మొదటి మూడు లైన్లు

"ఆబ్జెక్టివ్ పాతబడిపోయింది, ఇప్పుడంతా సమ్మరీయే" అనే సలహా మనవాళ్లలో బాగా తిరుగుతోంది. రెజ్యూమె పైన ఏ ఉద్యోగం కావాలో చెప్పేది ఆబ్జెక్టివ్, ఇప్పటిదాకా ఏం చేశారో చెప్పేది సమ్మరీ. ఉన్న రంగంలోనే కంపెనీ మారేవాళ్లకు ఆ సలహా సరిపోతుంది. రంగమే మారేవాళ్ల విషయంలో మాత్రం నేను దాన్ని ఒప్పుకోను. వాళ్ల రెజ్యూమె తెరిచిన రిక్రూటర్‌కు ముందు వచ్చే అనుమానం ఒక్కటే: ఈ మనిషి ఈ ఉద్యోగానికి ఎందుకు అప్లై చేసినట్టు? పై మూడు లైన్లు దానికి జవాబు చెప్పాలి. ఏ పేరుతో చెబుతారన్నది తర్వాతి సంగతి.

విజయవాడలో ప్రభుత్వ రంగ బ్యాంకులో ఏడేళ్లు ఆఫీసరుగా పనిచేసి, భర్తతో డాలస్ వచ్చిన ఒక చెల్లెలి సంగతే తీసుకోండి. హెచ్-4 వీసా మీద ఉన్న ఆమెకు పనిచేసే అనుమతి, అంటే ఈఏడీ, వచ్చింది. ఏఎంఎల్ అనలిస్ట్ ఉద్యోగాలకు, అంటే బ్యాంకు ఖాతాల్లో అక్రమ డబ్బు జాడ పట్టే పనికి, అప్లై చేయడం మొదలుపెట్టింది. రెజ్యూమె పైన కాలేజీ రోజుల నాటి ఆబ్జెక్టివ్ అలాగే ఉంది: పేరున్న సంస్థలో నా నైపుణ్యాలకు తగిన, ఎదిగే అవకాశమున్న ఉద్యోగం కావాలి. ఇందులో ఏ ఉద్యోగం కావాలో లేదు, ఆమెకు ఏం వచ్చో లేదు. కింద చూస్తే విజయవాడ బ్రాంచి, ఆపైన కొన్నేళ్ల ఖాళీ.

ఎవరో చెబితే దాన్ని తీసేసి సమ్మరీ పెట్టింది: ఏడేళ్ల అనుభవమున్న బ్యాంక్ ఆఫీసర్, గోల్డ్ లోన్లు, పంట రుణాలు, డిపాజిట్ల సేకరణలో దిట్ట. అన్నీ నిజాలే. కానీ అది ఇంకా చెడగొట్టింది. చదివినవాళ్లకు ఆమె బ్రాంచి ఉద్యోగానికి రావాల్సిన మనిషిలా కనిపించింది.

అసలు సరుకు ఆమె రాయనే లేదు. ఖాతా తెరిచేటప్పుడు కేవైసీ కాగితాలు సరిచూసింది ఆమే. నెలలో పది లక్షలు దాటిన నగదు లావాదేవీలు ప్రభుత్వానికి పంపే రిపోర్టైన సీటీఆర్‌లోకి వెళ్లేలా చూసింది ఆమే. పరిమితి దాటకుండా ఎవరైనా డబ్బును ముక్కలుగా వేస్తుంటే, అనుమానాస్పదమని పైకి పంపిందీ ఆమే. అమెరికాలో ఆ పరిమితి రోజుకు 10,000 డాలర్లు, అలా ముక్కలు చేయడాన్ని స్ట్రక్చరింగ్ అంటారు, అది నేరం. చట్టాలు వేరైనా కన్ను పెట్టాల్సిన చోటు ఒకటే. అందుకే ఆమె సమ్మరీ మొదటి మాటే ఏఎంఎల్ అనలిస్ట్ ఉద్యోగం కోసం అని ఉండాలి. ఆ వెంటనే ఈ మూడు పనులు రావాలి. గోల్డ్ లోన్లు కింద ఉద్యోగ వివరాల్లో చివరి లైనుకు పోవాలి.

ఇక్కడొక హెచ్చరిక. అనుమానాస్పద లావాదేవీల మీద ఇండియాలో పంపే ఎస్టీఆర్ అనే రిపోర్టుకు అమెరికాలో పేరు ఎస్‌ఏఆర్. ఎస్టీఆర్‌కు సమాచారం అందించానని రాస్తే నిజం, ఎస్‌ఏఆర్‌లు రాశానంటే అబద్ధం. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. కొన్ని కన్సల్టెన్సీలు ఇరవై బుల్లెట్లతో సమ్మరీ తయారుచేసి, చేయని పనులు కూడా అందులో కూరుస్తాయి. దయచేసి మీ పేరు మీద దాన్ని పంపనివ్వకండి. సమ్మరీలోని ప్రతి మాటకూ కింద ఉద్యోగ వివరాల్లో ఆధారం కనిపించాలి.

అలాంటి ఆధారమే లేనివాళ్లకు ఆబ్జెక్టివ్ పనికొస్తుంది. జూనియర్ కాలేజీలో పన్నెండేళ్లు ఫిజిక్స్ చెప్పిన లెక్చరర్, రోగుల వైద్యం వివరాలను బిల్లింగ్ కోడ్లుగా మార్చే మెడికల్ కోడింగ్‌లోకి రావాలనుకున్నారనుకోండి. సమ్మరీ రాస్తే పన్నెండేళ్ల పాఠాలే కనిపిస్తాయి. ఈ సీనియర్ మనిషి ఎంట్రీ లెవెల్ జీతానికి నిలబడతారా అనే అనుమానం కూడా వస్తుంది. అదే ఆబ్జెక్టివ్‌లో "సీపీసీ పరీక్ష పాసయ్యాను, ప్రస్తుతం సీపీసీ-ఏ, అవుట్‌పేషెంట్ క్లినిక్‌లో ఎంట్రీ లెవెల్ కోడర్ ఉద్యోగం కోరుతున్నాను" అని రెండు లైన్లు రాస్తే విషయం తేలిపోతుంది. సీపీసీ అంటే మెడికల్ కోడర్ల సర్టిఫికెట్, చివరి ఆ 'ఏ' అంటే అప్రెంటిస్. కొత్తవాళ్లని అదే చెబుతుంది కాబట్టి దాచాల్సిన పని లేదు. పరీక్ష ఇంకా రాయకపోతే మాత్రం ఆ ఆబ్జెక్టివ్ ఒట్టి కోరికగానే మిగులుతుంది, అప్పుడు తొందరపడి పంపకపోవడమే మంచిది.

మీది ఏ కేసో తేల్చుకోవాలంటే పై లైన్లు మూసేసి, మీరు వెళ్లాలనుకునే రంగంలో పనిచేసే ఒకరికి మిగతా కాగితం చూపించండి. "మా పనికి దగ్గరగా ఉన్నది ఇదీ" అని వాళ్లు రెండు మూడు చోట్ల వేలు పెట్టి చూపగలిగితే, అవే మీ సమ్మరీ. ఎక్కడా చూపలేకపోతే ఆబ్జెక్టివ్ రాయండి. రెండూ వేర్వేరు హెడింగులతో పెట్టి పేజీ పైభాగాన్ని నింపేయొద్దు.

ఆ లెక్చరర్‌కు రెండేళ్ల కోడింగ్ అనుభవం వచ్చి, పేరు చివర 'ఏ' తీసేసే అర్హత దక్కాక ఆబ్జెక్టివ్‌తో ఇక పనిలేదు. అప్పటికి ఏ స్పెషాలిటీ చార్టులు కోడ్ చేశారో, ఆడిట్‌లో ఎంత శాతం సరిగ్గా వచ్చాయో సమ్మరీలో రాసుకోవచ్చు. ఫిజిక్స్‌కు కింద ఒక్క లైను చాలు.