ఎక్కువసార్లు వచ్చిన పదమే కీలకపదమా?

ఆన్‌లైన్‌లో కొనేవారికి కనబడాలనుకునే దుకాణదారులకు వినిపించే సలహా ఇది: "దుకాణం గురించి రాసిన పేరాను పదాలు లెక్కించే సాధనంలో వేయండి. ఎక్కువసార్లు వచ్చిన పదాలే మీ కీలకపదాలు. అన్నింటి ముందు # పెట్టండి. ఎన్ని పెడితే అంత మంచిది, లక్షల పోస్టులున్న హ్యాష్‌ట్యాగ్‌లైతే ఇంకా మంచిది."

మొదట ఆ లెక్కింపునే ఒక పేరా మీద పరీక్షిద్దాం.

"మా దుకాణం చిన్నదే అయినా మా దుకాణంలో నాణ్యతకు లోటు లేదు. చేతితో కుట్టిన నోటుపుస్తకాలు ఇక్కడ దొరుకుతాయి. ఇంకు పెన్నుతో రాసినా వెనక వైపుకు దిగని మందపు కాగితం వాడతాం. నాణ్యత మా మొదటి నియమం. నోటుపుస్తకం మీద పేరు కావాలంటే అచ్చు వేసి ఇస్తాం. పాత పుస్తకాల బైండింగ్ కూడా మా దుకాణంలోనే చేస్తాం."

సాధనం చెప్పే జవాబు: "మా" 4 సార్లు, మిగతా ప్రతి పదమూ ఒక్కసారే. తెలుగులో విభక్తులూ బహువచనాలూ పదానికే అతుక్కుంటాయి కాబట్టి దుకాణం, దుకాణంలో, దుకాణంలోనే అన్నవి యంత్రానికి మూడు వేర్వేరు పదాలు. మూలరూపాలకు తెచ్చి మనమే కలిపితే "దుకాణం" 3, "నాణ్యత" 2, "నోటుపుస్తకం" 2 అవుతాయి. అప్పుడు "మా"ను పక్కన పెడితే పై స్థానం దుకాణానిదే. నోటుపుస్తకం కొనదలచినవారు వెతికేటప్పుడు "దుకాణం" అని మాత్రమే రాసి ఊరుకుంటారా?

ఈ లోపానికి విరుగుడు 1972లోనే వచ్చింది. అన్ని పత్రాల్లోనూ కనిపించే పదానికి విలువ తగ్గించాలని కంప్యూటర్ శాస్త్రవేత్త కారెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించారు. మన పనికి దాన్ని ఇలా వాడుకోవచ్చు. మీ పేరాతో పాటు అదే వ్యాపారంలో ఉన్న మరో 9 దుకాణాల పేరాలు తీసుకోండి. పదం మీ పేరాలో ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్యను, మొత్తం పేరాలను ఆ పదమున్న పేరాలతో భాగించగా వచ్చినదాని 10 ఆధారపు లాగరిథంతో గుణించండి. "దుకాణం", "నాణ్యత" పదింటిలోనూ ఉన్నాయనుకుందాం. 10/10కి లాగరిథం సున్నా కాబట్టి రెండూ రాలిపోతాయి. "నోటుపుస్తకం" 5 పేరాల్లో ఉంటే దాని విలువ 2 × 0.3, అంటే 0.6. "బైండింగ్" రెండింటిలోనే ఉంటే 0.7.

అయితే ఈ లెక్కనూ గుడ్డిగా నమ్మకూడదు. "నియమం" అనే మాట మీ ఒక్క పేరాలోనే ఉంటే దానికి 1.0 వచ్చి అన్నింటికన్నా పైన కూర్చుంటుంది. అరుదైన పదమల్లా అవసరమైన పదం కాదు. అందుకే చివరి జల్లెడ మనిషే పట్టాలి: కొనేవారు ఈ మాటతో వెతుకుతారా, వెతికి వస్తే ఆ వస్తువు మన దగ్గర ఉందా? ఈ రెండు ప్రశ్నలు దాటిన పదాలను విడిగా కాకుండా పదబంధాలుగా కూర్చాలి. "కాగితం" అంటే ఏ కాగితమైనా కావచ్చు, "ఇంకు పెన్ను కాగితం" అంటే అడిగేవారి అవసరం తేటతెల్లమవుతుంది.

నేనైతే ఈ పేరాకు ఇచ్చే వరుస ఇది: చేతికుట్టు నోటుపుస్తకం, పాత పుస్తకాల బైండింగ్, ఇంకు పెన్ను కాగితం, పేరు అచ్చువేసిన నోటుపుస్తకం. బైండింగ్‌కు లెక్కలో ఎక్కువ విలువ వచ్చినా, పేరాలో ఎక్కువ వాక్యాలు నోటుపుస్తకాల గురించే ఉన్నాయి. అసలు వ్యాపారం అదే కాబట్టి దాన్నే ముందు పెట్టాను. పేరాలో లేని "డైరీ"ని కూడా చేర్చాలి, ఎందుకంటే చాలామంది ఆ వస్తువును ఆ పేరుతోనే అడుగుతారు. లేని పదాన్ని ఏ లెక్కింపూ చూపించలేదు. అది కొనుగోలుదారులు పంపే సందేశాల్లో దొరుకుతుంది.

ఇక # సంగతి. కీలకపదం ముందు ఆ గుర్తు పెట్టినంత మాత్రాన హ్యాష్‌ట్యాగ్ అయిపోదు. ఖాళీ వచ్చిన చోట అది తెగిపోతుంది, అడ్డగీత దగ్గరా అంతే. `#పాత పుస్తకాల బైండింగ్` అని రాస్తే లింకయ్యేది "పాత" ఒక్కటే. `#పాత_పుస్తకాల_బైండింగ్` అని రాయాలి. పోస్టు చేశాక మొత్తం పదం రంగు మారిందో లేదో చూసి, నొక్కి తెరవండి.

సంఖ్య విషయానికి వస్తే, యూట్యూబ్‌లో ఒక వీడియోకు 60కి మించి హ్యాష్‌ట్యాగ్‌లు పెడితే అది అన్నింటినీ పక్కన పెడుతుంది. అంత దూరం పోకపోయినా, సంబంధం లేని ట్యాగులు సంబంధం లేని మనుషులనే తెస్తాయి. లక్షల పోస్టులున్న ట్యాగు కింద మీ పోస్టు చూస్తుండగానే అడుగుకు పోతుంది. ట్యాగును తెరిచి అక్కడున్న పోస్టులు మీలాంటి సరుకువేనా అని చూడండి. అవునైతే, వాటి సంఖ్య తక్కువైనా సరే, ఉంచండి. పై వరుసలో నాలుగింటికి నాలుగు ట్యాగులు, డైరీకి ఒకటి చాలు.

వెబ్ పేజీ ఉన్నవారికి ఇంకొక మాట. పేజీ కోడ్‌లోని `keywords` మెటా ట్యాగును ర్యాంకింగుకు వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. కీలకపదాలను అక్కడ గుట్టగా పోయడం కంటే, వరుసలో మొదటిదాన్ని పేజీ శీర్షికలోకీ పేరా మొదటి వాక్యంలోకీ తేవడం మేలు. ఈ పేరా "మా దుకాణం చిన్నదే అయినా" అని కాకుండా "చేతికుట్టు నోటుపుస్తకాలు, డైరీలు తయారుచేస్తాం" అని మొదలవ్వాలి.